తిరుమల ఘాట్ రోడ్లు మూసేశారంటూ వచ్చిన ఫార్వర్డ్ ఎప్పటిది? తరచుగా అడిగే ప్రశ్నలు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరుపతిలో గట్టి వాన పడిన ప్రతిసారీ ఒకే రకం వార్త గ్రూపుల్లో తిరుగుతుంది. కొండ మీద కుండపోత, ఘాట్ రోడ్లు బంద్, నడకదారిలో వరద. అది చూసి దర్శనం టికెట్ చేతిలో ఉన్నవాళ్లు ప్రయాణం మానుకుంటారు. ఊళ్లో ఉన్న మనకు బంధువుల ఫోన్లు మొదలవుతాయి. ఆ ఒక్క రకం ఫార్వర్డ్‌ను పట్టుకుని, వెనక్కి నడుచుకుంటూ అది పుట్టిన చోటికి ఎలా చేరాలో ఈ పేజీలో చెబుతున్నాను. మిగతా వార్తలకూ దారి దాదాపు ఇదే.

ఫార్వర్డ్ రాగానే ముందు నిజమా అబద్ధమా అని చూడాలా?

ముందు "ఎప్పటిది?" అని చూడండి. ఇలాంటి వార్తల్లో పూర్తిగా కల్పించినవాటి కంటే, ఒకప్పుడు నిజంగా జరిగి ఇప్పుడు తేదీ లేకుండా తిరుగుతున్నవే మనల్ని ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. వాటిలో ఫోటో నిజం, హెడ్డింగ్ నిజం, విలేకరి రాసింది నిజం. తేదీ ఉన్న పై అంచు ఒక్కటి కత్తిరించి ఉంటుంది. "నిజమా?" అని వెతికితే నిజమేనన్న జవాబే వస్తుంది, దాంతో మనం మరింత నమ్మకంగా ఇంకో గ్రూపుకి పంపేస్తాం.

వాట్సాప్‌లో వచ్చిన సమయాన్ని వార్త సమయం అనుకోకండి. అది మీకు చేరిన సమయం మాత్రమే. రెండు బాణాల గుర్తు, చాలాసార్లు ఫార్వర్డ్ అయిందన్న మాట కనిపిస్తే, ఆ మెసేజ్ కనీసం ఐదుగురి చేతులు మారి వచ్చిందని అర్థం. ఎక్కడ మొదలైందో, ఎప్పుడు మొదలైందో ఆ గుర్తు చెప్పదు. ఫోటో ఫైల్‌లో తీసిన తేదీ దాగి ఉంటుందేమోనని చూసినా లాభం లేదు. మామూలుగా ఫోటోగా పంపినప్పుడు వాట్సాప్ ఆ వివరాలను తీసేస్తుంది.

వెతకడానికి ముందు క్లిప్పింగ్‌లోనే ఏమైనా తెలుస్తుందా?

చాలా తెలుస్తుంది. తొందరపడి గూగుల్ తెరిచేవాళ్లు వదిలేసేది ఇక్కడే.

ఒక నమూనా పెట్టుకుందాం. పేపర్ క్లిప్పింగ్ ఫోటో వచ్చింది. హెడ్డింగ్ "తిరుమలలో కుండపోత.. రెండు ఘాట్ రోడ్లూ మూసివేత". కింద మెట్ల మీదుగా ఎర్రటి నీళ్లు దూకుతున్న ఫోటో. దాని కింద నాలుగైదు వాక్యాలు. గురువారం భారీ వర్షం కురిసిందని, అలిపిరి, శ్రీవారి మెట్టు నడకదారులను కూడా మూసేశారని, చిత్తూరు జిల్లా కలెక్టర్ అధికారులను అప్రమత్తం చేశారని ఉంది. పేపర్ పేరు లేదు, తేదీ లేదు.

మొదటి ఆధారం జిల్లా పేరు. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు తిరుపతి, తిరుమల చిత్తూరు జిల్లాలో ఉండేవి. తిరుమల వర్షాల మీద చిత్తూరు జిల్లా కలెక్టర్ సమీక్ష చేస్తున్నారంటే ఆ వార్త 2022 ఏప్రిల్‌కి ముందుదై ఉండాలి. మన ప్రాంతం వార్తలకు ఇంతకంటే మంచి గీటురాయి లేదు. "నెల్లూరు జిల్లా శ్రీహరికోట" అని ఉన్న రాకెట్ ప్రయోగం వార్తకూ ఇదే వర్తిస్తుంది, ఎందుకంటే సూళ్లూరుపేట ప్రాంతం కూడా అదే రోజున తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఒక్క జాగ్రత్త అవసరం. అలవాటు కొద్దీ ఇప్పటికీ "చిత్తూరు జిల్లా తిరుపతి" అని రాసేవాళ్లు ఉన్నారు, ముఖ్యంగా బయటి రాష్ట్రాల సైట్లు. కాబట్టి ఊరి పక్కన రాసిన జిల్లా పేరు కంటే, ఏ జిల్లా అధికారి మాట్లాడారన్నది గట్టి ఆధారం.

రెండోది వారం పేరు. పొద్దున వచ్చే పేపర్‌లో ఉండేది ముందు రోజు సంగతి. "గురువారం వర్షం కురిసింది" అంటే ఆ పేపర్ శుక్రవారానిది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, తర్వాత తేదీ సరిపోల్చేటప్పుడు ఇదే తాళం తీస్తుంది.

మూడోది మూసినవి ఏవి అన్న వివరం. రెండు ఘాట్లా, ఒకటేనా? కారణం వరదా, బండరాళ్లా? నడకదారి కూడా మూశారా? ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. హెడ్డింగ్ ఒకేలా ఉన్న వార్తలు చాలా దొరుకుతాయి, వాటిని విడదీసేది ఈ వివరాలే.

తెలుగు హెడ్డింగ్ గూగుల్‌లో పెడితే ఏమీ రావడం లేదు. ఎందుకు?

మూడు కారణాలు ఉంటాయి.

ఒకటి, పేపర్ పేజీలు ఈ-పేపర్‌లో ఎక్కువగా బొమ్మలుగా ఉంటాయి. బొమ్మలో ఉన్న అక్షరాలను గూగుల్ వెతుకులాట సాధారణంగా పట్టుకోదు. పైగా పేపర్‌లో పెట్టిన హెడ్డింగ్ ఒకటి, అదే సంస్థ వెబ్‌సైట్‌లో పెట్టిన హెడ్డింగ్ మరొకటి కావచ్చు. అందుకే హెడ్డింగ్ మొత్తాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతికితే ఖాళీ పేజీ వస్తుంది.

రెండు, స్పెల్లింగ్. ఘాట్ రోడ్డు, ఘాట్‌రోడ్డు, ఘాట్ రోడ్ అని మూడు రకాలుగా రాస్తారు. మెట్టు, మెట్లు అని మారుస్తారు. మనిషి కంటికి ఇవన్నీ ఒకటే, కొటేషన్ గుర్తులు పెట్టిన వెతుకులాటకు మాత్రం వేరు వేరు.

మూడు, తేదీ హద్దు పెట్టకపోవడం. హద్దు లేకపోతే కొత్త వార్తలు పైకి వచ్చి పాతది అడుగున పడిపోతుంది.

అందుకని హెడ్డింగ్‌ను వదిలేసి, వార్తలో మాత్రమే ఉండే రెండు మూడు మాటలు తీసుకోండి. వాటికి తేదీ హద్దు జోడించండి. మన నమూనాలో జిల్లా పేరును బట్టి 2022 ఏప్రిల్‌కి ముందుదని తెలిసింది కదా, ఇలా రాయొచ్చు:

```
తిరుమల ఘాట్ రోడ్డు మూసివేత "శ్రీవారి మెట్టు" before:2022-04-04
```

వచ్చిన వాటిలో 2021 నవంబరు వార్తలు గుంపుగా కనిపిస్తే, ఆ నెలకు బిగించండి:

```
తిరుమల వర్షం ఘాట్ రోడ్లు after:2021-11-10 before:2021-12-10
```

ఇదే పని ఇంగ్లిష్ మాటలతో కూడా ఒకసారి చేయండి. `Tirumala ghat road closed` అని పెడితే ఇంగ్లిష్ పత్రికల వార్తలు వస్తాయి, వాటి తేదీలు సరిచూసుకోవడం తేలిక.

అలా వెతికితే మన నమూనా ఎక్కడ తేలింది?

2021 నవంబరు 18న. ఆరోజు గురువారమే. బంగాళాఖాతంలో వాయుగుండం వల్ల ఆ వారం తిరుపతి, తిరుమల వరదలో మునిగాయి. ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడ్డాయి, రాకపోకలు ఆపేశారు, నడకదారులు మూశారు. శ్రీవారి మెట్టు దారి అయితే వరదకు బాగా దెబ్బతిని, మరమ్మతులు చేసి 2022 మే నెలలో గానీ మళ్లీ తెరవలేకపోయారు. క్లిప్పింగ్‌లోని వారం పేరు, జిల్లా, మూసిన దారులు, కారణం నాలుగూ కలిశాయి.

ఇక్కడ ఆగిపోవచ్చా అంటే, ఆగకూడదు. రెండు వారాలు కాకముందే, 2021 డిసెంబరు 1న, కొండ ఎక్కే రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండరాళ్లు పడి రోడ్డు దెబ్బతింది, అప్పుడూ రాకపోకలు ఆపారు. ఆ వార్త కూడా మీ వెతుకులాటలో పక్కనే వస్తుంది. దానిలో వరద లేదు, బండరాళ్లు ఉన్నాయి. పైగా ఆరోజు బుధవారం. 2024 అక్టోబరులో భారీ వర్ష హెచ్చరిక వచ్చినప్పుడు శ్రీవారి మెట్టు దారిని మూశారు, కానీ అప్పటికి తిరుపతి జిల్లా వచ్చేసింది. ఇలా పోలిన వార్తలను ఒక్కొక్కటిగా పక్కన పెట్టాకే "ఇది 2021 నవంబరు 18 నాటి సంగతి" అని గట్టిగా చెప్పగలం.

వెబ్‌సైట్‌లో కనిపించే తేదీని నమ్మొచ్చా?

సగం నమ్మొచ్చు. చాలా సైట్లలో పైన కనిపించేది చివరిసారి మార్చిన తేదీ. పాత వార్తలో ఒక అక్షరం దిద్దినా కొత్త తేదీ పడే సైట్లు ఉన్నాయి. మొదట ఎప్పుడు పెట్టారో తెలియాలంటే పేజీ లోపలి కోడ్ చూడాలి. భయపడాల్సిన పని కాదు. క్రోమ్‌లో ఆ పేజీ అడ్రస్ ముందు `view-source:` అని చేర్చి తెరిచి, `datePublished` అనే మాట కోసం వెతకండి. ఇలా ఉంటుంది:

```
"datePublished": "2021-11-18T14:10:00+05:30"
"dateModified": "2021-11-19T09:05:00+05:30"
```

మొదటిది పెట్టిన సమయం, రెండోది మార్చిన సమయం. చివర `+05:30` ఉంటే అది మన టైమే. `Z` అని ఉంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. లేకపోతే రాత్రి పెట్టిన వార్తకు తేదీ ఒకరోజు తేడా వస్తుంది. అన్ని సైట్లలోనూ ఈ వరుసలు ఉండవు. లేనప్పుడు పేజీ అడ్రస్‌లో తేదీ గానీ, ఇంగ్లిష్ అక్షరాల్లో పాత హెడ్డింగ్ గానీ ఉందేమో చూడండి. హెడ్డింగ్ మార్చినా అడ్రస్ తరచుగా పాతదే ఉండిపోతుంది.

గూగుల్ చూపించే తేదీతో ఇంకో చిక్కు ఉంది. పాత పేజీ పక్కన "తాజా వార్తలు" అనే పట్టీ ఉంటుంది, అది రోజూ మారుతుంది. ఆ పట్టీలోని మాటల వల్ల మీ వెతుకులాటకు సంబంధం లేని పేజీలు రావచ్చు. అందుకే ఫలితాల జాబితాలోని తేదీ చూసి తీర్పు చెప్పకుండా పేజీ తెరిచి, వార్త లోపల ఉన్న రోజు, తేదీ చదవండి.

క్లిప్పింగ్‌లో అక్షరాలు మసకగా ఉన్నాయి, ఫోటో ఒక్కటే స్పష్టంగా ఉంది. అప్పుడు?

ఫోటోను మాత్రమే కత్తిరించి గూగుల్ లెన్స్‌లో పెట్టండి. చుట్టూ ఉన్న అక్షరాలు, ఛానల్ లోగో, ఎవరో గీసిన ఎర్ర గుండ్రాలు అన్నీ తీసేయాలి. అవి ఉంటే లెన్స్ వాటినే పోలిన బొమ్మలు వెతికిపెడుతుంది. వీడియో అయితే మధ్యలో ఆపి, బోర్డో భవనమో స్పష్టంగా కనిపించే చోట స్క్రీన్‌షాట్ తీసుకోండి.

`tineye.com` లో అదే ఫోటో పెట్టి, పాతవి ముందు వచ్చేలా `Oldest` ఎంచుకునే వీలుంది. అందులో తెలుగు సైట్ల ఫోటోలు తక్కువగానే దొరుకుతాయి, కానీ దొరికితే తేదీ తేలిపోతుంది. మీ ఫోటో 2021లోనే ఎక్కడో ఉందంటే, అది ఈరోజు తీసింది కాదని ఆ ఒక్క ముక్కతో రుజువవుతుంది. ఫోటో పాతదైనంత మాత్రాన వార్త కూడా పాతదని చెప్పలేం. డెస్క్‌లో ఫైల్ ఫోటో వాడటం మామూలే. ఫోటోకూ వార్తకూ విడివిడిగా తేదీ పట్టుకోవాలి.

తిరుపతిలో భూమిలోంచి నీళ్ల ట్యాంకు పైకి లేచిన వీడియో చాలామంది చూసే ఉంటారు. దాన్ని గ్రాఫిక్స్ అని కొట్టిపారేసినవాళ్లు ఉన్నారు, నిన్న జరిగిందని పంపినవాళ్లూ ఉన్నారు. అది నిజంగా మన ఊళ్లో, 2021 నవంబరు వరదల తర్వాత జరిగింది. నేలలో దింపిన సిమెంట్ రింగుల ట్యాంకును శుభ్రం చేస్తుండగా, చుట్టూ నిండి ఉన్న భూగర్భ జలం ఒత్తిడికి అది పైకి తేలింది. ఒక్క స్క్రీన్‌షాట్ లెన్స్‌లో పెడితే అప్పటి వార్తలు వరుసగా వస్తాయి.

పది సైట్లలో అదే వార్త ఉంది. ఇంక అనుమానం ఎందుకు?

ఆ పదింటినీ తెరిచి వాక్యాలు పోల్చండి. అవే మాటలు, అదే తప్పు, అదే ఫోటో ఉంటే పది కాదు, ఒక్కటే. ఒకరు రాశారు, తొమ్మిదిమంది ఎత్తి పెట్టుకున్నారు. మనకు కావలసింది ఆ ఒక్కరు, ఇంకా చెప్పాలంటే ఆ ఒక్కరికి చెప్పినవాళ్లు.

వార్త లోపల "తెలిపారు", "ప్రకటించింది" అనే మాటల దగ్గర ఆగి, ఎవరు అన్నదే చూడండి. ఘాట్ రోడ్డు మూసే నిర్ణయం టీటీడీది. కాబట్టి అసలు చోటు టీటీడీ ప్రకటన. ఆ ప్రకటనలు తేదీలతో సహా `news.tirumala.org` లో ఉంటాయి. ఆ సైట్ లోపలే వెతకాలంటే:

```
site:news.tirumala.org ghat road rain
```

స్కూళ్లకు సెలవు అన్న ఫార్వర్డ్ అయితే కలెక్టర్ ఉత్తర్వు కావాలి, అందులో జిల్లా, తేదీ రెండూ ఉండాలి. తుపాను అయితే వాతావరణ శాఖ బులెటిన్. "అధికారులు చెప్పారు" అని ఊరుకుని ఏ అధికారో చెప్పని వార్త ఎన్ని సైట్లలో ఉన్నా నేను దాన్ని మొదటి చోటుగా లెక్కపెట్టను.

పేపర్‌లో అచ్చయిందో లేదో నేరుగా చూడటం కుదురుతుందా?

పేపర్ ఏదో తెలిస్తే కుదురుతుంది. పెద్ద తెలుగు దినపత్రికల ఈ-పేపర్‌లో తేదీ, ఎడిషన్ ఎంచుకోవచ్చు. తిరుపతి వార్త మెయిన్ పేజీల్లో లేకపోతే జిల్లా పేజీల్లో ఉంటుంది. 2022కి ముందు వాటికి చిత్తూరు పేరుతో ఉన్న ఎడిషన్ తెరవాలి. ఎంత వెనక్కి వెళ్లనిస్తారన్నది ఒక్కో పత్రికకు ఒక్కోలా ఉంటుంది, కొన్నిటికి డబ్బు కట్టాలి. 18వ తేదీ సంగతికి 19వ తేదీ పేపర్ తెరవాలన్నది గుర్తుంచుకోండి. ఈ ఒక్కరోజు తేడా తెలియక, ఉన్న వార్తను లేదనుకుని వదిలేస్తారు.

అచ్చు దొరికితే క్లిప్పింగ్‌తో అక్షరం అక్షరం పోల్చండి. ఫోటో, మొదటి పేరా అలాగే ఉంచి హెడ్డింగ్ మాత్రం మార్చినవి ఉంటాయి. "ఒక ఘాట్ రోడ్డు" అన్నది "రెండు ఘాట్ రోడ్లు" అయిపోతుంది. క్లిప్పింగ్‌లో హెడ్డింగ్ అక్షరాల తీరు అదే పత్రిక మిగతా హెడ్డింగులతో కలవకపోయినా, ఊరి పేరుతో మొదలయ్యే తొలి లైన్ అసలే లేకపోయినా అనుమానించండి.

లింక్ నొక్కితే పేజీ లేదంటోంది. తీసేశారంటే అబద్ధమేనా?

కానక్కర్లేదు. సైట్ మార్చినప్పుడు పాత పేజీలు పోతుంటాయి. `web.archive.org` లో ఆ అడ్రస్ పెడితే, ఎవరైనా భద్రపరిచి ఉంటే క్యాలెండర్‌లో తేదీలు కనిపిస్తాయి. మొదటి తేదీ ఆ పేజీ రాసిన రోజు కాదు, అప్పటికే ఉందని చెప్పే రోజు. వరసగా రెండు మూడు తేదీలు తెరిచి చూస్తే, వార్తను మధ్యలో దిద్దారా అన్నది కూడా తెలుస్తుంది. తప్పు ఒప్పుకుని సవరణ వేసి ఉంటే అది మొదటి వార్తకంటే ముఖ్యం.

ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. అబద్ధమని చెప్పేయవచ్చా?

చెప్పకూడదు. మండలం స్థాయి చిన్న వార్త జిల్లా పేజీలో మాత్రమే వచ్చి, వెబ్‌లో ఎక్కడా లేకపోవచ్చు. అప్పుడు "మొదటి చోటు దొరకలేదు" అనే చెప్పాలి. ఘాట్ రోడ్లు రెండూ మూసేయడం లాంటి పెద్ద సంగతికి మాత్రం లెక్క వేరు. అంతటి వార్త టీటీడీ ప్రకటనలోనూ, ఒక్క పత్రికలోనూ లేదంటే అనుమానించడానికి గట్టి కారణమే.

పాతదని తేలింది. ఈరోజు రోడ్లు తెరిచే ఉన్నాయని చెప్పేయనా?

ఇక్కడ చాలామంది తడబడతారు. క్లిప్పింగ్ 2021ది అని తేలితే, ఆ క్లిప్పింగ్ ఈరోజు గురించి ఏమీ చెప్పదని మాత్రమే తేలింది. ఈరోజు కూడా వాన పడుతూ ఉండొచ్చు, నిజంగానే ఒక దారి మూసి ఉండొచ్చు. పాత వార్తలు మళ్లీ లేచేది అలాంటి రోజుల్లోనే. కాబట్టి ఈరోజు సంగతి విడిగా చూడాలి. టీటీడీ ప్రకటనల్లో ఈరోజు తేదీతో ఏముందో చూడండి, లేదా కొండ మీద ఉన్న తెలిసినవాళ్లకు ఫోన్ చేయండి. టాక్సీ నడిపేవాళ్లకు, అలిపిరి దగ్గర షాపు ఉన్నవాళ్లకు ఈ సంగతి అందరికంటే ముందే తెలుస్తుంది. వాళ్లు చెప్పింది కూడా ఆ గంటకే చెల్లుతుంది, కాబట్టి ఎన్ని గంటలకు చెప్పారో రాసుకోండి.

గ్రూపులో పెట్టింది ఇంట్లో పెద్దవాళ్లు. ఎలా చెప్పాలి?

నలుగురిలో "ఫేక్" అన్న మాట వాడకండి. ఆ వార్త ఫేక్ కాదు, పైగా పెద్దాయన మన క్షేమం కోరే పంపారు. తేదీ, లింక్, ఈరోజు పరిస్థితి ఈ మూడూ ఉంటే చాలు. నేనైతే ఇలా రాస్తాను:

"చిన్నాయనా, ఇది నిజంగా జరిగిందే, కానీ 2021 నవంబరు 18న. అప్పటి వార్త లింక్ కింద పెట్టినా, చూడండి. ఈరోజు పొద్దున ఎనిమిదికి కనుక్కుంటే ఘాట్ రోడ్డులో బస్సులు తిరుగుతున్నాయన్నారు. సాయంత్రం బయల్దేరే ముందు మళ్లీ కనుక్కుని చెప్తాను."

మీ జవాబు విడిగా పెట్టకుండా, ఆ ఫార్వర్డ్‌కే రిప్లైగా పెట్టండి. తర్వాత గ్రూపు తెరిచినవాళ్లకు రెండూ కలిసి కనిపిస్తాయి. క్లిప్పింగ్ ఫోటోను మీరు మళ్లీ పంపాల్సి వస్తే, దాని మీదే పెద్ద అక్షరాలతో "18-11-2021 నాటిది" అని రాసి పంపండి. తేదీ విడిగా ఉంటే తర్వాతి ఫార్వర్డ్‌లో మళ్లీ రాలిపోతుంది.